గోబర్ గ్యాస్ మంట పసుపు పచ్చగా మారినప్పుడు మీథేన్‌లో జరుగుతున్నదేమిటి?

ప్రశ్న: "మాది దేవరకొండ దగ్గర పల్లె. ఇంట్లో గోబర్ గ్యాస్ పొయ్యి ఉంది. ఈ మధ్య మంట పసుపు పచ్చగా వస్తోంది, గంజుల అడుగు నల్లబడుతోంది. పదో తరగతి పుస్తకంలో మీథేన్ మండితే కార్బన్ డై ఆక్సైడ్, నీళ్లు వస్తాయని ఉంది. మరి ఈ మసి ఎక్కడిది? అసంపూర్ణ దహనం అంటే వేరే చర్యనా? రెండింటికీ తుల్య సమీకరణాలు రాసి, ఏది ఎప్పుడు వస్తుందో చెప్పగలరా?"

సమాధానం:

మసి కూడా ఆ మీథేన్‌లోని కార్బనే. బయటి నుంచి వచ్చినది కాదు. మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. ఆ కార్బన్‌కు చివరిదాకా మండేందుకు సరిపడా ఆక్సిజన్, వేడి దొరికితే కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది, సగమే దొరికితే కార్బన్ మోనాక్సైడ్‌గా మిగులుతుంది, అసలు దొరకకపోతే కార్బన్‌గానే మిగిలి మీ గంజు అడుగుకు అంటుకుంటుంది. ఈ మూడింటికీ సమీకరణాలు ఇవి.

CH₄ + 2O₂ → CO₂ + 2H₂O

2CH₄ + 3O₂ → 2CO + 4H₂O

CH₄ + O₂ → C + 2H₂O

మొదటిది సంపూర్ణ దహనం, మిగిలిన రెండూ అసంపూర్ణ దహనం. అయితే వీటిని మూడు వేర్వేరు చర్యలుగా బట్టీపట్టడం కంటే, ఒకే లెక్కలోని మూడు మెట్లుగా చూస్తే తుల్యం చేయడం సులువవుతుంది, మీ పొయ్యిలో ఏం జరుగుతోందో కూడా అర్థమవుతుంది. నేను నల్లగొండలో ఇంటర్ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ సమీకరణాల దగ్గర ఎక్కువ మంది తడబడడం చూశాను. తడబాటు ఎప్పుడూ ఆక్సిజన్ లెక్కలోనే వచ్చేది.

తుల్యం చేసేటప్పుడు ముందు కార్బన్, తరువాత హైడ్రోజన్, చివర ఆక్సిజన్ చూడాలి. ఆక్సిజన్‌ను చివరకు ఉంచడానికి కారణం, అది ఎడమవైపు ఒంటరి మూలకంగా ఉండడం వల్ల దాని ముందు ఏ అంకె వేసినా మిగిలిన మూలకాల లెక్క చెదరదు. ఒక మీథేన్ తీసుకుంటే కార్బన్ ఒకటి, కనుక కుడివైపు CO₂ ఒకటి. హైడ్రోజన్లు నాలుగు, కనుక నీటి అణువులు రెండు. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు CO₂లో రెండు, నీళ్లలో రెండు, మొత్తం నాలుగు. ఎడమవైపు 2O₂ రాస్తే సరిపోతుంది. ఇక్కడిదాకా అందరూ వస్తారు.

కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఇదే పద్ధతిలో వెళ్తే కుడివైపు CO ఒకటి, నీళ్లు రెండు, ఆక్సిజన్ పరమాణువులు మూడు అవుతాయి. ఆక్సిజన్ అణువులో పరమాణువులు రెండేసి ఉంటాయి కనుక మూడు పరమాణువులకు ఒకటిన్నర అణువు కావాలి. ఇక్కడ బేసి సంఖ్య కనపడగానే కొందరు విద్యార్థులు రెండు H₂O లలో ఒకదాన్ని H₂O₂ గా మార్చి లెక్క కుదిరిందనుకుంటారు. అలా చేస్తే ఒక నీటి అణువు పోయి హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే వేరే పదార్థం వచ్చిందని రాసినట్టే. ఫార్ములా లోపలి అంకెను ముట్టుకోకూడదు, ముందున్న గుణకాన్నే మార్చాలి. ఒకటిన్నర అనే భిన్నం పోవడానికి సమీకరణం మొత్తాన్ని రెండుతో గుణిస్తే 2CH₄ + 3O₂ → 2CO + 4H₂O వస్తుంది. మసి సమీకరణంలో కుడివైపు ఆక్సిజన్ నీళ్లలో మాత్రమే ఉంటుంది కనుక ఒక్క O₂ చాలు.

ఇప్పుడు మూడింటినీ ఒక్కో మీథేన్‌కు పక్కపక్కన పెట్టి చూడండి. సంపూర్ణ దహనానికి ఆక్సిజన్ అణువులు 2, కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగితే 1.5, మసి దగ్గర ఆగితే 1. మూడింటిలోనూ హైడ్రోజన్ తన వంతు ఒక ఆక్సిజన్ అణువును తీసుకుని రెండు నీటి అణువులుగా మారుతోంది. ఆ వంతు పోగా మిగిలినది కార్బన్‌కు. ఒకటి మిగిలితే CO₂, అర మిగిలితే CO, ఏమీ మిగలకపోతే C. తుల్య సమీకరణాలను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు. నిజమైన మంటలో కొంత హైడ్రోజన్ వాయువు కూడా మిగలవచ్చు, ఆక్సిజన్ ఇంకా తక్కువైనప్పుడు నీళ్లకు బదులు హైడ్రోజనే ఎక్కువగా వస్తుంది. కానీ పాఠశాల స్థాయికీ, వంటింటి పొయ్యికీ పైన చెప్పిన లెక్క సరిపోతుంది.

ద్రవ్యరాశితో సరిచూసుకోవడం కూడా మంచి అలవాటు. 16 గ్రాముల మీథేన్ 64 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్, 36 గ్రాముల నీరు ఇస్తుంది. అటూ ఇటూ 80 గ్రాములు. రెండో సమీకరణంలో 32 గ్రాముల మీథేన్, 96 గ్రాముల ఆక్సిజన్ కలిసి 56 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్, 72 గ్రాముల నీరు వస్తాయి. అటూ ఇటూ 128 గ్రాములు. ఈ లెక్క కుదరలేదంటే ఎక్కడో గుణకం తప్పు పడిందని అర్థం.

ఒక మీథేన్‌కు ఆక్సిజన్ ఒకటిన్నరకూ రెండుకూ మధ్యలో దొరికితే ఏమవుతుందని మీకు సందేహం రావచ్చు. అప్పుడు CO, CO₂ రెండూ కలిసి వస్తాయి. ఒకటీ ముప్పావు దొరికిందనుకుంటే సమీకరణం ఇలా ఉంటుంది.

4CH₄ + 7O₂ → 2CO + 2CO₂ + 8H₂O

పరీక్షలో అసంపూర్ణ దహనానికి సమీకరణం రాయమంటే CO తో రాసినా, C తో రాసినా తప్పు కాదు, ఎందుకంటే అసంపూర్ణ దహనానికి ఒకే ఒక సమీకరణం అంటూ ఉండదు. ఎంత ఆక్సిజన్ దొరికిందన్నదాన్ని బట్టి అది మారుతుంది. అయితే ప్రశ్నలో ఉత్పన్నం పేరు ఇస్తే దానికి తగ్గదే రాయాలి.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. పొయ్యికి అందేది ఉత్త ఆక్సిజన్ కాదు, గాలి. గాలిలో ఘనపరిమాణం ప్రకారం ఆక్సిజన్ సుమారు 21 శాతమే, కనుక ఒక లీటరు మీథేన్ పూర్తిగా మండడానికి 2 లీటర్ల ఆక్సిజన్ కావాలంటే దాదాపు తొమ్మిదిన్నర లీటర్ల గాలి కావాలి. మిగిలిన నైట్రోజన్ మంటలో వేడెక్కి బయటికి పోతుంది తప్ప ఈ లెక్కలో పాల్గొనదు. మీ గోబర్ గ్యాస్‌లో మీథేన్ సుమారు 55 నుంచి 65 శాతం ఉంటుంది, మిగిలినదంతా దాదాపుగా కార్బన్ డై ఆక్సైడ్. అది ముందే మండి ముగిసిన పదార్థం కనుక మళ్లీ మండదు. 60 శాతం మీథేన్ ఉందనుకుంటే ఒక లీటరు గోబర్ గ్యాస్‌కు దాదాపు 5.7 లీటర్ల గాలి చాలు. సిలిండర్‌లో వచ్చే గ్యాస్ మీథేన్ కాదని కూడా ఇక్కడే చెప్పాలి. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. ఒక లీటరుకు ప్రొపేన్‌కైతే దాదాపు 24 లీటర్లు, బ్యూటేన్‌కైతే దాదాపు 31 లీటర్ల గాలి కావాలి. అందుకే సిలిండర్ పొయ్యిని మార్పులు చేయకుండా గోబర్ గ్యాస్‌కు తగిలిస్తే మంట సరిగా నిలవదు.

ఈ గాలి మంటకు రెండు దారుల్లో అందుతుంది. జెట్టు రంధ్రం నుంచి గ్యాస్ వేగంగా దూసుకువచ్చేటప్పుడు పక్కనున్న గాలి రంధ్రాల గుండా కొంత గాలిని తనతో లాక్కుపోయి, గొట్టంలో కలుపుకుని బర్నర్ చిల్లుల దాకా తెస్తుంది. కావలసిన గాలిలో ఇది సుమారు సగం. మిగిలిన సగం మంట చుట్టూ ఉన్న గదిలోంచి, మంట అంచుల గుండా లోపలికి చేరుతుంది. రాత్రి లైటు ఆర్పి మీ పొయ్యిని దగ్గరగా గమనించండి. సరిగా మండే మంటలో ప్రతి చిల్లు మీదా కొనదేలిన, ప్రకాశవంతమైన నీలి శంకువు ఒకటి కనిపిస్తుంది, దాని చుట్టూ కంటికి ఆనీ ఆననట్టుండే పలచని నీలి పొర ఒకటి ఉంటుంది.

ఆ లోపలి శంకువులో ఉన్నది సగం గాలే కనుక అక్కడ మీథేన్ పూర్తిగా మండడం సాధ్యం కాదు. అక్కడ మీథేన్ విరిగి ఎక్కువగా కార్బన్ మోనాక్సైడ్, కొంత హైడ్రోజన్, నీటి ఆవిరి తయారవుతాయి. అంటే మంచి నీలి మంటలో కూడా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. బయటి పలచని పొరలో గదిలోని గాలి తగిలి ఆ కార్బన్ మోనాక్సైడ్ మండి కార్బన్ డై ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ చివరి మెట్టు సమీకరణం ఇది.

2CO + O₂ → 2CO₂

దీన్ని పైనున్న రెండో సమీకరణానికి కలిపి, రెండు వైపులా ఉన్న 2CO కొట్టేస్తే 2CH₄ + 4O₂ → 2CO₂ + 4H₂O మిగులుతుంది. రెండుతో భాగిస్తే మన మొదటి సమీకరణమే. కనుక మీరు అడిగిన "వేరే చర్యనా" అన్నదానికి నా జవాబు ఇది: అసంపూర్ణ దహనం వేరే దారి కాదు, అదే దారిలో మధ్యలో ఆగిపోవడం. తుల్య సమీకరణం మొదట ఏమున్నదో, చివర ఏం మిగిలిందో మాత్రమే చెబుతుంది, నడుమ మజిలీల సంగతి చెప్పదు.

మధ్యలో ఆగడానికి కారణాలు రెండు. ఒకటి గాలి చాలకపోవడం, ఇది అందరూ చెప్పేది. రెండోది తక్కువ మంది చెప్పేది, వేడి చాలకపోవడం. కార్బన్ మోనాక్సైడ్ కార్బన్ డై ఆక్సైడ్‌గా మారే మెట్టు, మీథేన్ విరిగే మెట్టు కంటే నిదానంగా జరుగుతుంది. దానికి బయటి పొరలో వేడి నిలకడగా ఉండాలి. మంట మీద చల్లటి గంజు అడుగు పెట్టి, ఆ అడుగు నీలి శంకువుల కొసలను తాకేంత దగ్గరగా ఉంటే, అక్కడి వాయువులు ఒక్కసారిగా చల్లబడి, మండవలసిన కార్బన్ మోనాక్సైడ్ మండకుండానే గంజు అంచుల మీదుగా గదిలోకి జారిపోతుంది. గాలి ఎంత ఉన్నా అంతే. మన ఇళ్లలో జొన్నరొట్టెలు కాల్చే వెడల్పాటి పెనం దీనికి మంచి ఉదాహరణ. అది మంటను పైనుంచి మూసినట్టుగా కప్పేస్తుంది, కనుక చుట్టూ నుంచి గాలి లోపలికి వచ్చే సందు కూడా తగ్గుతుంది. రెండు కారణాలూ ఒకేచోట కలుస్తాయి.

పసుపు రంగుకు కారణం మసి రేణువులు. గాలి బాగా తగ్గిన చోట మీథేన్ నుంచి కార్బన్ చిన్న చిన్న రేణువులుగా ఏర్పడి, ఎర్రగా కాలిన ఇనుములాగా వేడికి మెరుస్తుంది. ఆ మెరుపే పసుపు పచ్చని మంట. ఇందులో గమనించవలసినది ఒకటుంది. పసుపు మంట ఖాళీగా వెలుగుతున్నప్పుడు ఆ రేణువుల్లో చాలా మటుకు మంట కొసకు చేరేసరికి గాలి తగిలి మండిపోవచ్చు, పొగ కనిపించకపోవచ్చు. గంజు పెట్టగానే అవి చల్లటి లోహానికి తగిలి మండకుండా అంటుకుపోతాయి. కనుక గిన్నె లేనప్పుడు పొగ లేదు కదా అని పొయ్యి బాగుందనుకోకూడదు.

ఒక్కోసారి పసుపు రంగుకు మసి కారణం కాకపోవచ్చు. పప్పో, చారో పొంగి ఉప్పు నీళ్లు బర్నర్ మీద పడితే ఆ ఉప్పులోని సోడియం కూడా మంటకు పసుపు రంగు ఇస్తుంది. తేడా తెలుసుకోవడానికి పొడవాటి పిడి ఉన్న స్టీలు గరిటెను పట్టకారుతో పట్టుకుని, పసుపు కొసలో రెండు మూడు సెకన్లు ఉంచి తీయండి. వేలితో తుడిస్తే (చల్లారిన తరువాతే) నల్లగా వచ్చిందంటే అది కార్బన్. ఏమీ రాకుండా, రంగు కూడా కాసేపటికి తగ్గిపోతే అది ఉప్పు. మీ గంజులు నల్లబడుతున్నాయంటున్నారు కనుక మీది మొదటి రకమే.

మా ఇంట్లో ఇదే జరిగిన తీరు చెబుతాను. మాకు ఊళ్లో రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉండేది. ఒక చలికాలం బర్నర్ మంట సన్నబడితే జెట్టులో మడ్డి చేరిందనుకుని నేనే ఇనుప తీగతో పొడిచి శుభ్రం చేశాను. మంట పెద్దదైంది, ఇంట్లో అందరూ సంతోషించారు. నాలుగు రోజులకు గంజులు నల్లబడ్డాయి, పొద్దున తలుపులు మూసుకుని వంట చేసే మా అమ్మకు తలనొప్పి మొదలైంది, బయట అరుగు మీద కూర్చుంటే తగ్గిపోయేది. ఇల్లు వదిలి బయటికి వస్తే తగ్గే తలనొప్పి అన్న మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. జెట్టు విప్పి చూస్తే నేను పొడిచిన తీగకు రంధ్రం వెడల్పయి, అంచు గరుకుగా ఉంది. రంధ్రం వ్యాసం నాలుగో వంతు పెరిగితే దాని వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, గ్యాస్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. గాలి రంధ్రాలు, గొట్టం మాత్రం పాతవే, కనుక గాలి ఆ నిష్పత్తిలో పెరగదు. పైగా గాలి రంధ్రాల్లో ఒకదాన్ని సాలెగూడు మూసేసింది.

ఆ వంటింటి లెక్కను ఒకసారి పూర్తిగా వేద్దాం. లెక్క తేలిక కోసం జెట్టు మామూలుగా ఉన్నప్పటి వాడకమే తీసుకుంటాను. గంటకు 450 లీటర్ల గోబర్ గ్యాస్, అందులో 60 శాతం, అంటే 270 లీటర్లు మీథేన్. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 24.5 లీటర్లు ఆక్రమిస్తుంది కనుక ఇది దాదాపు 11 మోల్‌లు, బరువులో 176 గ్రాములు. ఇదంతా సంపూర్ణంగా మండితే మొదటి సమీకరణం ప్రకారం 11 మోల్‌ల కార్బన్ డై ఆక్సైడ్, అంటే 484 గ్రాములు, 22 మోల్‌ల నీరు, అంటే 396 గ్రాములు వస్తాయి. గంటకు దాదాపు రెండు గ్లాసుల నీళ్లు ఆవిరి రూపంలో గదిలో కలుస్తున్నాయన్నమాట. చలికాలం పొద్దున వంటింటి గోడలు, కిటికీ అద్దాలు చెమర్చడంలో దీనికీ వాటా ఉంది. మండే పొయ్యి మీద చల్లటి స్టీలు గ్లాసును ఒక్క క్షణం బోర్లించి పట్టుకుంటే లోపల పట్టే మంచు ఈ నీరే.

ఇప్పుడు 11 మోల్‌లలో 95 శాతం పూర్తిగా మండి, 5 శాతం మాత్రం కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగిపోయిందని అనుకుందాం. ఒక మీథేన్‌కు ఒక CO కనుక 0.55 మోల్, అంటే సుమారు 13.5 లీటర్ల కార్బన్ మోనాక్సైడ్. మా వంటిల్లు పది అడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు. అంటే వెయ్యి ఘనపుటడుగులు, దాదాపు 28,300 లీటర్లు. తలుపు, కిటికీ మూసి ఉండి గాలి ఏమాత్రం మారకపోతే గంటకల్లా గదిలో కార్బన్ మోనాక్సైడ్ పది లక్షల భాగాల్లో దాదాపు 475 భాగాలకు చేరుతుంది. ఒక గంట పీల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి ఘనమీటరుకు 35 మిల్లీగ్రాములు, అంటే ఇదే కొలతలో సుమారు 30 భాగాలు. నిజమైన గదిలో తలుపు సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది కనుక అంత చేరకపోవచ్చు, అయినా పరిమితిని ఎంత సులువుగా దాటుతుందో చూడండి. అదే గంటలో ఖర్చయ్యే ఆక్సిజన్ 540 లీటర్లు, గదిలో ఉన్నది దాదాపు 5,900 లీటర్లు. అంటే గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 19 దాకా తగ్గుతుంది. ఊపిరాడకపోవడం కంటే ముందే కార్బన్ మోనాక్సైడ్ తన పని చేస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

అయిదు శాతం తేడా వంటలో తెలుస్తుందా అంటే తెలియదు. వచ్చే నీరు ఆవిరిగానే ఉంటుందని లెక్కేస్తే, ఒక మోల్ మీథేన్ సంపూర్ణంగా మండితే 802 కిలోజౌళ్ల వేడి వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ దగ్గర ఆగితే 519, మసి దగ్గర ఆగితే 409. 802కూ 519కూ తేడా 283 కిలోజౌళ్లు, అది ఒక మోల్ కార్బన్ మోనాక్సైడ్‌లో దాగి ఉండి దానితోపాటే బయటికి పోయిన వేడి. మా లెక్కలో 11 మోల్‌లకు మొత్తం 8,800 కిలోజౌళ్లు రావాలి, 0.55 మోల్ CO వల్ల పోయింది 156. రెండు శాతం కూడా కాదు. అరగంటలో ఉడికే అన్నం అర నిమిషం ఆలస్యంగా ఉడుకుతుంది. ఆ ఆలస్యాన్ని వంట చేసేవారు ఎవరూ పట్టుకోలేరు. మా అమ్మ కూడా పొయ్యి బాగా మండుతోందనే చెప్పింది. మసి మాత్రం ఎంత కొంచెమైనా కళ్లకు కనిపిస్తుంది. 11 మోల్‌లలో ఒక్క శాతం కార్బన్ మసిగా మిగిలినా 1.3 గ్రాములు, ఇంట్లోని గంజులన్నింటినీ నల్లగా చేయడానికి అది చాలు. కనుక మసిని గంజు తోమే బాధగా కాక, కనపడని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తూ ఉండవచ్చనే హెచ్చరికగా చూడండి. మసి ఏర్పడేంత గాలి కరువున్న మంట కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా ఇస్తుంది.

పాఠశాలలో చేసే సున్నపు నీటి పరీక్ష ఇక్కడ ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. సున్నపు తేట కార్బన్ డై ఆక్సైడ్‌కు పాలలా మారుతుంది. పసుపు మంటలో కూడా కార్బన్ డై ఆక్సైడ్ చాలానే ఉంటుంది కనుక తేట తెల్లబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉందో లేదో మాత్రం తెలియదు, ఎందుకంటే అది సున్నపు తేటను మార్చదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గోబర్ గ్యాస్ మండకముందు వచ్చే కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. ఆ వాసన రావడం లేదు కనుక అంతా బాగుందని అనుకోవడం ఈ కారణంగా తప్పు.

మీ పొయ్యికి చేయవలసినవి ఇవి. వాల్వు మూసి, పొయ్యి చల్లారిన తరువాత జెట్టు పక్కనున్న గాలి రంధ్రాలను చూడండి, సాలెగూడు, జిడ్డు, పిండి ఉంటే బ్రష్షుతో తుడవండి. బర్నర్ తల తీసి చిల్లులు శుభ్రం చేయండి. గాలి రంధ్రాల మీద తిరిగే మూత ఉంటే దాన్ని కొద్దికొద్దిగా తెరుస్తూ, పసుపు కొసలు పోయి నీలి శంకువులు స్పష్టంగా కనిపించే చోట ఆపండి. మరీ ఎక్కువ తెరిస్తే మంట చిల్లుల మీద నుంచి పైకి లేచి, హోరుమంటూ ఆరిపోతుంది. గోబర్ గ్యాస్‌లో కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కువ కనుక దాని మంట నెమ్మదిగా పాకుతుంది, అందుకే తొందరగా లేస్తుంది. మంట లేవడం కూడా మంచిది కాదు, అప్పుడు కొంత మీథేన్ అసలు మండకుండానే పోతుంది. ఇన్ని చేసినా పసుపు పోకపోతే జెట్టు మార్చండి. పొడవడానికి తీగ, మేకు వాడకండి, మడ్డి చేరితే వేడి సబ్బు నీటిలో నానబెట్టి ఊదండి. నేను కొత్త జెట్టు బిగించి, సాలెగూడు తీసిన రోజే మంట నీలంగా మారింది. అమ్మ తలనొప్పి ఆ వారంలో మళ్లీ రాలేదు.

ఈ లోపు వంట చేసేటప్పుడు కిటికీ, తలుపు రెండూ తెరిచి ఉంచండి. ఒక్కటే తెరిస్తే గాలి లోపలికి వచ్చి బయటికి పోవడం బాగా తగ్గుతుంది. వంటింట్లో ఎవరికైనా తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే ముందు వాల్వు మూసి వాళ్లను బయటికి తీసుకురండి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లి పొయ్యి సంగతి తప్పక చెప్పండి. కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటరు 98 చూపించిందని ఊరుకోకండి. ఆ పరికరం కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కపెడుతుంది.

మంట నీలంగా మారిన తరువాత కూడా ఒక సంగతి మిగిలి ఉంటుంది. రొట్టెల పెనం అడుగు నీలి శంకువుల కొసలను తాకుతోందేమో వంగి చూడండి. తాకుతుంటే పొయ్యి మీది ఇనుప ముక్కాలిని శంకువుల కొసలు పెనానికి తగలనంత ఎత్తుకు మార్పించండి. నీలి రంగు మసి లేదని మాత్రమే చెబుతుంది, కార్బన్ మోనాక్సైడ్ లేదని చెప్పదు.